వెళ్ళి అని రాయాలా, వెళ్లి అని రాయాలా?

అందరికీ నమస్తే. మా తాతయ్య నోట్‌బుక్కుల్లో రాసుకున్న కథలు టైప్ చేస్తున్నా. ఆయన ఒక పేజీలో "వెళ్ళి" అని ళ కింద ళ వత్తు పెట్టారు, పక్క పేజీలోనే "వెళ్లి" అని ల వత్తు పెట్టారు. పుస్తకం వేద్దామనుకుంటున్నాం కాబట్టి ఒక్కటే పద్ధతి ఉండాలని ప్రెస్ వాళ్ళు అంటున్నారు. వెళ్ళాడు, వెళ్ళిన, మళ్ళించాడు, తుళ్ళిపడ్డాడు, ఇలాంటి క్రియలన్నిట్లో ఏది పెట్టాలి? కారణం కూడా చెప్తే బాగుంటుంది.

గుంటూరు మాస్టారు: ఇందులో అనుమానం ఏముందండీ, ళ కింద ళ వత్తే కరెక్టు. ద్విత్వం అంటే అదే అక్షరం కింద అదే వత్తు రావడం. నోటితో అని చూడండి, వె-ళ్-ళా-డు, ల ఎక్కడైనా వినిపించిందా? ల వత్తు పెట్టడం టైపిస్టుల బద్ధకం, పేపర్లవాళ్ళు జాగా కలిసొస్తుందని అలవాటు చేశారు. మా పిల్లలకి నేను ళ్ళ అనే నేర్పించా.

శ్రీకాకుళం నుంచి: అసలు చాలామంది "వెల్లాడు" అని రాస్తన్నారు, ముందు దాని గురించి మాట్లాడండి బాబూ. మా వైపు మాటల్లో ఎల్లాడు, ఎల్లిపోనాడు అంటాం, అది మా యాస, అందులో తప్పేం లేదు. కానీ రాతలో ళ ఉండాలి కదా.

అడిగినవారు: మీరన్నది నిజమేనండీ, కానీ నా ప్రశ్న పైనున్న అక్షరం గురించి కాదు, దాని కింద వత్తు గురించి.

నిఘంటువు పని చేసిన పెద్దాయన: మాస్టారు ఉచ్చారణ గురించి చెప్పింది ఒప్పుకుంటా, ఇవాళ మనలో ఎక్కువమంది నోట ళ్ళ అనే వస్తుంది. కానీ ల వత్తు టైపిస్టుల బద్ధకం కాదండీ, అది ఆ మాట పుట్టుకలోనే ఉంది. "గుడిలో" అనే మాట వేగంగా అనండి, మధ్యలో ఇ పోతుంది, గుడ్లో అయి చివరికి గుళ్లో అవుతుంది. ఇక్కడ రెండో అక్షరం ఎక్కడిది? "లో"లో ఉన్న ల. పక్కన ఆ ల ఉండబట్టే డ కాస్తా ళ అయింది. ఒడిలో కూడా అంతే, ఒళ్లో అయింది. ఇప్పుడు క్రియకి రండి. వెళ్లు అనేదానికి పాత రూపం వెడలు. త్యాగరాజస్వామి "వెడలెను కోదండపాణి" అని పాడారు కదా, ఆ వెడలు. డ తర్వాత ఉన్న అ జారిపోతే వెడ్లు, దాన్నించి వెళ్లు, వెడలి కాస్తా వెళ్లి. మరలు కూడా అలాగే మళ్లు అయింది, మరలి అనేది మళ్లీ అయింది. శరీరం అనే అర్థంలో ఒడలు ఒళ్లు అయింది. వీటన్నిట్లో కింద ఉన్నది అసలు ల-యే. ల వత్తు పెట్టినవాళ్ళు ఆ అతుకు కనిపించేలా రాస్తున్నారు, ళ వత్తు పెట్టినవాళ్ళు నోటికి ఎలా వస్తే అలా రాస్తున్నారు.

వరంగల్ నుంచి: మా దగ్గర ఇండ్లు, పండ్లు, పెండ్లి అంటం, అట్లనే రాస్తం కూడా. అందులో ల సాఫుగా వినిపిస్తది. మీరు ఇళ్ళు, పళ్ళు, పెళ్ళి అంటరు. మీ ఇళ్ళు మా ఇండ్లలకెళ్లే వచ్చింది కదా, మరి ల ఎటు పోయింది? ఇగ వెళ్లు అనేది మేము మాట్లాడేటప్పుడు తక్కువ, పోయిండు అంటం, పేపర్ల భాషలనే వెళ్లిండు కనిపిస్తది.

గుంటూరు మాస్టారు: సరే, పుట్టుక అదే అనుకుందాం. పుట్టుక చూసి రాసేటట్లయితే ఇప్పటికీ వెడలి అనే రాయాలిగా? పలుకు మారాక రాత మారదా? పైగా తెలుగుకి ళ్ళ కొత్తేం కాదు, తమిళంలో కన్నడంలో బోలెడు ఉన్నాయి, మనకీ అక్కణ్ణించే వచ్చుంటుంది.

బళ్ళారిలో పెరిగిన ఆవిడ: నేను రెండు భాషలూ చదివానండీ, ఒక మాట చెప్తా. కన్నడంలో ముల్లుని ముళ్ళు అంటారు, ఒక్క ముల్లే, బహువచనం కాదు. కల్లుని కళ్ళు అంటారు. పల్లె అంటే హళ్ళి. వాళ్ళ దగ్గర ళ్ళ ఉన్నచోట మనకి ల్ల ఉంది.

నిఘంటువు పని చేసిన పెద్దాయన: అమ్మా, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పేశారు. తమిళంలో తెలుపుని వెళ్ళై అంటారు, మనం గోడకి వేసేది వెల్ల. వాళ్ళు వరదని వెళ్ళం అంటారు, మనకి వెల్లువ. అంటే ద్రావిడ భాషల్లో మొదటినుంచీ ఉన్న ళ్ళ తెలుగులో ల్ల అయి కూర్చుంది మాస్టారూ. ఆ లెక్కన వెళ్లు అనే మాట ఆ పాత ళ్ళతోనే వచ్చుంటే ఈపాటికి "వెల్లు" అయిపోయుండేది. కాలేదంటే, ఆ మార్పు జరిగిపోయాక డ, ర, ల వెళ్ళి ఇంకో ల పక్కన చేరితే పుట్టిన కొత్త ళ ఇది. అందుకే మనకి ముల్లు అంటే ఒకటి, దానికి -లు చేరితే ముళ్లు, కాలు ఒకటైతే కాళ్లు రెండు. ఇంక "వెడలి అనే రాయాలిగా" అన్న మాటకి నా దగ్గర ఎదురు లేదు, రాత ఎక్కడ ఆగాలనేది ఒప్పందమే గానీ వ్యాకరణం తేల్చేది కాదు.

పెళ్ళి పనుల్లో ఉన్నాయన: మా అమ్మాయి శుభలేఖలో "పెళ్లి" అని వేయించాం, వియ్యాలవారు "పెళ్ళి" అని మార్పించమన్నారు, రెండోసారి ప్రింటు ఖర్చు మాకే పడింది. అంటే మాది తప్పు కాదన్నమాట!

ప్రూఫ్ రీడింగ్ చేసే అమ్మాయి: తప్పు కాదు అంకుల్, వాళ్ళదీ తప్పు కాదు. టైప్ చేస్తున్న అన్నయ్యకి పనికొచ్చే మాట చెప్తా. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి వేరే మాటలు. చిన్న సైజు ఫాంట్‌లో వత్తు కళ్ళకి ఆనదు, కానీ వెళ్ళి అని వెతికితే వెళ్లి దొరకదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసే RTS పద్ధతిలో కొట్టేవాళ్ళకి ఒకటి `veLLi`, ఇంకోటి `veLli`, ఒక్క షిఫ్ట్ తేడా, అందుకే ఒకే మనిషి ఫైల్లో రెండూ కలిసిపోతాయి. రెండూ ఒకేసారి పట్టుకోవాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆన్ చేసి ఇలా వెతకండి:

```
వెళ్[ళల]
```

దీనికి వెళ్తాడు, వెళ్దాం తగలవు, వాటిలో ళ పక్కనే త, ద వచ్చేస్తాయి కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. ఏదో ఒకటి ఎంచుకున్నాక మాత్రం ళ్ళని ళ్లగా ఫైలంతా ఒక్క నొక్కుతో మార్చేయకండి. తిరువళ్ళువర్, బళ్ళారి లాంటి పేర్లు వచ్చాయంటే వాటిలో ఉన్నది ఆ భాషల్లోని అసలు ళ్ళ, అక్కడ ల వత్తుకి ఏ ఆధారమూ లేదు. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

అడిగినవారు: అయితే కథనంలో అంతటా ల వత్తు పెడతా, పేర్లు వదిలేస్తా. తాతయ్య చేతిరాత పేజీల ఫొటోలు వేసినచోట మాత్రం ఆయన ఎలా రాస్తే అలాగే ఉంటుంది.

గుంటూరు మాస్టారు: మీ పుస్తకం మీ ఇష్టం. నేను క్లాసులో ళ్ళ అనే చెప్తా, పిల్లలకి వినిపించేది అదే. ఎవరైనా ల వత్తు రాస్తే మాత్రం ఇకమీదట మార్కు తియ్యను.

వరంగల్ నుంచి: పెద్దసారూ, ఇంకొకటి. వెళ్లుకి వెడలు, మళ్లుకి మరలు ఉన్నయి, సరే. పండు కుళ్లింది అంటం కదా, ఆ కుళ్లుకి, తుళ్లిపడుడుకి అట్ల డ గానీ ర గానీ ఉన్న పాత రూపం పద్యాల్ల ఎవరికన్న దొరికిందా?