లోడ్ టెస్ట్ రికవరీ 82 శాతమా, 86 శాతమా? బేరింగ్ కుంగుబాటు తీసేయవచ్చా?

ములుగు వైపు ఒక వాగు మీద 30 మీటర్ల ప్రీస్ట్రెస్డ్ గర్డర్ స్పాన్‌కు లోడ్ టెస్ట్ అయింది. రిపోర్టులో ఒక్క దగ్గర లెక్క తేలుతలేదు. వంతెనల పని తెలిసిన అన్నలు చెప్పగలరు.

పూర్తి లోడ్ 24 గంటలు ఉంచినంక స్పాన్ నడుమ డయల్ గేజ్ 9.6 మిల్లీమీటర్లు చూపింది. డిజైన్ అంచనా 11.8. తక్కువ రావడం వింత కాదు, క్రాష్ బ్యారియర్ గట్టిదనం మోడల్‌లో కలపలేదు. పేచీ రికవరీ దగ్గరే. లోడ్ తీసిన 24 గంటలకు ఇంకా 1.75 మిగిలింది, అంటే రికవరీ 81.8 శాతం. ఐఆర్‌సీ ఎస్‌పీ 51 ప్రకారం ప్రీస్ట్రెస్డ్‌కు కనీసం 85 కావాలె.

అయితే రబ్బరు బేరింగులు కూడా నొక్కుకున్నయి. రెండు కొసల గేజుల సగటు లోడ్ కింద 0.8, లోడ్ తీసినంక 0.55. ఇవి తీసేస్తే గర్డర్ వంపు 8.8, మిగిలింది 1.2, రికవరీ 86.4 శాతం. రీడింగులన్నీ పొద్దున ఆరింటికే తీసినం కాబట్టి ఎండకు డెక్ పైకి లేచే తేడా పెద్దగా లేదు. పగుళ్లు కనబడలేదు.

నేను అడిగేది ఇదే: బేరింగ్ సవరణను రీడింగులతో సహా చూపిస్తే ఒప్పుకుంటారా, మళ్లీ టెస్ట్ చేయాల్నా? 0.8లో 0.55 తిరిగి రాకపోవడం నాకు ఎక్కువనిపిస్తున్నది. పెడెస్టల్ మోర్టార్ సర్దుకున్నదా, గేజ్ స్టాండ్ జారిందా, ఎట్ల తేల్చుకోవాలె?