రెసిపీలో కప్పు అంటే ఏ కప్పు? మూడు కేకులు పాడయ్యాయి

రెసిపీలో 2 కప్పుల మైదా, 1 కప్పు పాలు, 2 గుడ్లు అని ఉంది, కప్పు ఎన్ని ఎంఎల్లో రాయలేదు. మొదటిసారి మైదా పెద్ద కప్పుతో, పాలు జగ్గు గీత చూసి కొలిచా, కేక్ ఎండిపోయి పైన పగిలింది. సరే అని అన్నిట్లో నీళ్ళు పోసి కిచెన్ స్కేల్ మీద తూచా (1 ఎంఎల్ నీళ్ళు దాదాపు 1 గ్రామే కదా). మెట్రిక్ కప్పు 250, జగ్గులో 1 కప్పు గీత 240, పెద్ద కప్పు 310, స్టీల్ గ్లాసు అంచుదాకా పోస్తే 200 వచ్చాయి.

రెండోసారి అన్నీ స్టీల్ గ్లాసుతోనే కొలిచా, నిష్పత్తి చెడదు కదా అని, కానీ గుడ్లు రెండే వేశా, అవి ఎక్కువైపోయి రబ్బరులా సాగింది. మూడోసారి మెట్రిక్ కప్పుతో మైదా, జగ్గుని బల్లమీద పెట్టి కన్ను గీత ఎత్తుకి దించి పాలు, అయినా మళ్ళీ పొడిగానే. తర్వాత చూస్తే మైదా డబ్బాలో కప్పు ముంచి తీస్తే 155 గ్రాములు, అదే కప్పులో స్పూన్‌తో వదులుగా వేసి చాకుతో పైన గీకేస్తే 130! రెండు కప్పులకి 50 గ్రాముల తేడా.

ఇక కప్పు వదిలేసి తూకంతోనే చేద్దామనుకుంటున్నా. ఇలా కప్పు సైజు రాయని రెసిపీలకి మీరు ఒక కప్పు మైదాకి ఎన్ని గ్రాములు వేసుకుంటున్నారు?