బ్యాలెన్స్ దగ్గర గీత ఉంది, సెలవు ఎలా అడగాలి?

అంబాజీపేట తమ్ముడు:
అందరికీ నమస్కారమండీ. ఎమ్మెస్ అయ్యాక శాన్ హోసేలో ఒక స్టార్టప్‌లో చేరి 5 నెలలైంది. మొత్తం 40 మందిమి. ఓపీటీ మీద ఉన్నాను. ఫిబ్రవరిలో చెల్లి పెళ్ళి. మా కంపెనీలో సెలవులు అన్‌లిమిటెడ్ అన్నారు. హెచ్ఆర్ పోర్టల్ తెరిస్తే మిగిలిన సెలవుల దగ్గర అంకె లేదు, సున్నా కూడా లేదు, చిన్న గీత ఉంది. మేనేజర్‌ని అడిగితే "నీకు ఎంత కావాలంటే అంత తీసుకో" అన్నాడు. ఎంత కావాలంటే అంత అంటే ఎంతండీ? అమ్మేమో సంక్రాంతికే వచ్చెయ్యమంటోంది.

రాజోలు బాబాయి:
బాబూ, ముందు స్టాంపింగ్ సంగతి చూసుకో. సెలవు ఎవడైనా ఇస్తాడు, వీసా ఎవడిస్తాడు? నేను 2016లో మా నాన్నగారి సంవత్సరీకానికి వెళ్ళి 7 వారాలు ఇరుక్కుపోయాను. 10 రోజులకని వెళ్ళినవాణ్ణి. కాన్సులేట్ కిటికీ దగ్గర పచ్చ కాగితం చేతిలో పెట్టి వెళ్ళమన్నారు. రోజూ పొద్దున్నే లేచి స్టేటస్ చూడటం, సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చోవడం. మా మేనేజర్ మూడో వారం దాకా బాగానే ఉన్నాడు. నాలుగో వారం నుంచి నా మెయిల్స్‌కి జవాబివ్వడం మానేశాడు. ఇక్కడ అద్దె, కారు వాయిదా మామూలే. ఆ పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి నాన్నగారి సంవత్సరీకం కాదు, నా సంవత్సరీకం అయ్యేలా ఉంది. అందుకని స్లాట్ దొరికాకే టికెట్ కొను.

అంబాజీపేట తమ్ముడు:
బాబాయ్ గారూ, నా ఎఫ్-1 వీసా ఇంకా రెండేళ్ళు ఉందండీ. స్టాంపింగ్ అక్కర్లేదు. సెలవు ఎన్ని రోజులు అడగాలన్నదే నా టెన్షన్.

భీమవరం బావ:
అన్‌లిమిటెడ్ అంటే నీకు హక్కు ఉన్నట్టే. అడగడమేంటి, చెప్పడమే. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉండను" అని క్యాలెండర్‌లో పెట్టేయ్. ఇంకో మాట. కాలిఫోర్నియాలో వాడని సెలవులు జీతం కింద లెక్క. ఉద్యోగం మానేసిన రోజున డబ్బులు కట్టి పంపాలి, చట్టం. నాకు 2019లో 11 రోజులకి ఇచ్చారు. అంచేత సెలవు తీసుకున్నా లాభమే, తీసుకోకపోయినా లాభమే.

పాలకొల్లు అక్క:
తమ్ముడూ, నేను ఇక్కడే 60 మంది ఉన్న కంపెనీలో ఇంజనీరింగ్ మేనేజర్‌ని. మాదీ ఇదే పాలసీ. సెలవులు ఒప్పుకునేది నేనే కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను.

నీకు కనిపించేది గీత. నాకు అదే పోర్టల్‌లో ఈ ఏడాది ఎవరు ఎన్ని రోజులు తీసుకున్నారో కనిపిస్తుంది. మిగిలింది లేదు గానీ తీసుకున్నది ఉంది. అంటే హద్దు లేకపోలేదు, అది కాగితం మీద కాకుండా మేనేజర్ మనసులో ఉంది. అందుకే "ఎన్ని తీసుకోవచ్చు" అని అడిగితే నీకు ఎప్పుడూ సరైన జవాబు రాదు. ఆ అంకె నోటితో అంటే అది హద్దు అయిపోతుందని ఎవరూ అనరు. టీమ్ క్యాలెండర్‌లో ఏడాది వెనక్కి వెళ్ళు. ఒకేసారి ఎక్కువ రోజులు ఎవరు వెళ్ళారో, ఎన్ని రోజులో చూడు. మీ టీమ్‌లో ఎవరైనా 3 వారాలు వెళ్ళి వచ్చి ఉంటే నీ పని సగం అయినట్టే. అందరూ నాలుగు రోజులకి మించి వెళ్ళకపోతే అది కూడా సమాచారమే.

తర్వాత హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ తెరిచి consecutive అనే మాట వెతుకు. చాలా అన్‌లిమిటెడ్ పాలసీల్లో వరసగా ఇన్ని రోజులు దాటితే పైవాళ్ళ అనుమతి కావాలని ఒక వాక్యం లోపల ఎక్కడో ఉంటుంది.

భీమవరం బావగారు చెప్పింది సగమే నిజం. బ్యాలెన్స్ పోగయ్యే చోట, అంటే నెలకి ఇంతని జమయ్యే కంపెనీలో, కాలిఫోర్నియాలో ఆ డబ్బు ఇవ్వాల్సిందే. మీకు 11 రోజులకి ఇచ్చారంటే మీ కంపెనీలో జమ లెక్క ఉండే ఉంటుంది. ఇక్కడ జమే లేదు, దేనికి కడతారు? కంపెనీలు ఈ పద్ధతికి రావడానికి ఒక కారణం అదే, పుస్తకాల్లో సెలవు బాకీ ఉండదు.

భీమవరం బావ:
అక్కగారూ, అన్‌లిమిటెడ్ ఉన్న చోట కూడా కోర్టు డబ్బులు ఇప్పించిన కేసు ఉంది. ఊరికే అనడం లేదు.

పాలకొల్లు అక్క:
ఉంది, 2020లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టులో. అక్కడ రాసిపెట్టిన పాలసీయే లేదు. సెలవులకి లెక్క లేదన్నట్టు నడిపారు గానీ నిజానికి పనిభారం వల్ల ఎవరూ కొన్ని వారాలు దాటి వెళ్ళలేని పరిస్థితి. అందుకని అది మామూలు సెలవు కిందకే వస్తుందన్నారు. స్పష్టంగా రాసుకున్న పాలసీ మీద ఏమంటారో ఆ తీర్పు తేల్చలేదు. తమ్ముడు దాన్ని నమ్ముకుని సెలవులు దాచుకుంటే మాత్రం దాచినవి గాల్లో కలుస్తాయి.

ముమ్మిడివరం మాస్టారి అబ్బాయి:
అక్క చెప్పిందానికి నా అనుభవం కలుపుతాను. ఊళ్ళో గృహప్రవేశానికి వెళ్ళాలంటే మా మేనేజర్ కాఫీ మెషిన్ దగ్గర "తప్పకుండా వెళ్ళు, మూడు వారాలేగా" అన్నాడు. నేను ఆ సాయంత్రమే టికెట్ కొన్నాను, డబ్బు వెనక్కి రాని రకం. పోర్టల్‌లో పెట్టలేదు. బ్యాలెన్సే లేనప్పుడు ఎందుకు పెట్టాలి అనుకున్నాను. ప్రయాణానికి నెల ముందు ఆ మేనేజర్ వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినావిడ క్యాలెండర్ చూసి, "ఇది ఎవరు ఒప్పుకున్నారు?" అంది. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. హ్యాండ్‌బుక్‌లో 10 పనిదినాలు దాటితే విభాగం అధిపతి ఒప్పుకోవాలని ఉందట, అది నాకు ఆరోజే తెలిసింది. చివరికి 10 రోజులే ఇచ్చారు. తిరుగు టికెట్ మార్చడానికి 420 డాలర్లు. గృహప్రవేశం అయిన మర్నాడే బయల్దేరాను, వంటవాళ్ళు గిన్నెలు తోముతున్నారు.

పాత పద్ధతిలో సెలవులకి లెక్క ఉండే కంపెనీలో మేనేజర్ మారినా నీ 15 రోజులు నీవే. ఇక్కడ మేనేజర్ మారితే పాలసీ మారినట్టే.

అంబాజీపేట తమ్ముడు:
క్యాలెండర్ చూశానండీ. మా టీమ్‌లో ఒకావిడ 12 పనిదినాలు వెళ్ళింది, అదే ఎక్కువ. హ్యాండ్‌బుక్‌లో కూడా 10 రోజులు దాటితే సీటీవో అనుమతి అని ఉంది. మిగిలిన వారం ఊరి నుంచి పని చేస్తానంటే ఒప్పుకుంటారేమో?

భీమవరం బావ:
మంచి ఆలోచన. నేను పుష్కరాలప్పుడు అలాగే చేశాను.

పాలకొల్లు అక్క:
వద్దు తమ్ముడూ. బావగారి సంగతి నాకు తెలియదు గానీ, ఇది మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినే చోటు. లెక్క ఉన్న కంపెనీలో సెలవులో 4 రోజులు పని చేస్తే ఆ 4 రోజులు తిరిగి నీ ఖాతాలో వేయించుకోవచ్చు. ఖాతాయే లేని చోట నువ్వు చేసిన పని ఎక్కడా కనిపించదు, "3 వారాలు వెళ్ళాడు" అన్న మాట మాత్రం మిగులుతుంది. పైగా శాన్ హోసేలో పొద్దున్న 10 గంటలంటే ఫిబ్రవరిలో మీ ఊళ్ళో రాత్రి 11.30. పందిట్లో భోజనాలయ్యాక మీటింగులో కూర్చుంటావా? లాప్‌టాప్ దేశం దాటడానికి సెక్యూరిటీ వాళ్ళ అనుమతి వేరే. పూర్తి సెలవు పెట్టు, లేదా రోజులు తగ్గించు.

పెళ్ళి ఏ వారం?

అంబాజీపేట తమ్ముడు:
గురువారం తెల్లవారుజామున ముహూర్తమండీ. పదహారు రోజుల పండగ దాకా ఉండాలని అమ్మ పట్టు.

పాలకొల్లు అక్క:
అయితే లెక్క వేద్దాం. పుష్యంలో పెళ్ళిళ్ళుండవు, మాఘం వచ్చాకే. కాబట్టి సంక్రాంతి, ప్రభల తీర్థం, పెళ్ళి ఒకే ప్రయాణంలో అంటే 5 వారాలు దాటుతుంది. అది అడగకు, 5 నెలలకి అది కుదరదు. అమ్మకి ముందే చెప్పు.

పెళ్ళి ముందు శుక్రవారం రాత్రి ఇక్కడ విమానం ఎక్కితే ఆదివారం హైదరాబాద్. అక్కణ్ణుంచి రాజమండ్రి, రావులపాలెం మీదుగా ఊరు చేరేసరికి ఆదివారం రాత్రి. ఆ వారం గురువారం పెళ్ళి. గురువారాన్ని ఒకటో రోజు అనుకుంటే పదహారో రోజు మూడో వారం శుక్రవారం. శనివారం బయల్దేరితే సోమవారం ఆఫీసుకి రావచ్చు. 15 పనిదినాలు. మధ్యలో ప్రెసిడెంట్స్ డే వస్తే, మీ కంపెనీ దానికి సెలవిస్తే, 14.

మీ టీమ్‌లో 12 జరిగింది కాబట్టి 14 మరీ ఎక్కువేం కాదు. కానీ మేనేజర్ చేతిలో ప్రశ్న పెట్టకు, ప్లాన్ పెట్టు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, చెల్లి పెళ్ళి, నీ పనిలో ఏది వెళ్ళేలోపు పూర్తవుతుంది, ఏది ఎవరికి అప్పగిస్తావు, ఆ మనిషి ఒప్పుకున్నారా, నీ ఆన్‌కాల్ వారం ఎవరితో మార్చుకున్నావు. ఆరేడు వాక్యాలు చాలు. చివర్న "10 రోజులు దాటుతుంది కాబట్టి సీటీవో గారి అనుమతి కూడా కావాలి, ఈ శుక్రవారంలోగా చెబితే టికెట్ కొంటాను" అని రాయి. తర్వాత పోర్టల్‌లో కూడా పెట్టు. అక్కడ Approved అని పడ్డాకే టికెట్.

ఓపీటీలో ఉన్నావు కాబట్టి ఆ రాత ఇంకో రకంగానూ పనికొస్తుంది. కంపెనీ ఒప్పుకున్న సెలవైతే, ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల లెక్కలోకి రాదు. ఐ-20 మీద ట్రావెల్ సంతకం తిరిగొచ్చే రోజుకి 6 నెలల లోపుదై ఉండాలి. ఈఏడీ కార్డు, ఉద్యోగంలో ఉన్నట్టు లెటర్ చేతి సంచీలో పెట్టుకో.

భీమవరం బావ:
పెళ్ళని కారణం ఎందుకు చెప్పాలి? వ్యక్తిగత పని అంటే చాలదా? మనవాళ్ళు సంజాయిషీ ఇచ్చుకునే అలవాటు ఎప్పుడు మానుతారో.

ముమ్మిడివరం మాస్టారి అబ్బాయి:
బావా, రెండు రోజులకైతే నువ్వన్నది సరే. మూడు వారాలకి కారణం చెప్పకపోతే ఇంటర్వ్యూలకి వెళ్తున్నాడనుకుంటారు.

భీమవరం బావ:
అనుకోనీ.

అంబాజీపేట తమ్ముడు (వారం తర్వాత):
పంపానండీ. మేనేజర్ అదే రోజు ఒప్పుకున్నాడు. సీటీవో 4 రోజులు జవాబివ్వలేదు. అడిగితే, "రెండో వారంలో రిలీజ్ ఉంది, ఒక్క గంట అందుబాటులో ఉంటావా?" అన్నాడు. అక్క మాట గుర్తుపెట్టుకుని, నా బదులు చూసే అమ్మాయి పేరు చెప్పి, ఆ పనిలో ఆవిడతో రెండుసార్లు ముందే రిహార్సల్ చేస్తానన్నాను. "సరే" అన్నాడు గానీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళమన్నాడు. ఇచ్చాను. తప్పు చేశానా అక్కా? నిన్న Approved అని పడింది, 14 రోజులు. గీత అలాగే ఉంది, దాని పక్కన Taken: 14 అని కొత్తగా వచ్చింది. సంక్రాంతికి రావట్లేదని అమ్మకి ఇంకా చెప్పలేదు.

పాలకొల్లు అక్క:
నంబరు ఇవ్వడం తప్పు కాదు. మోగితే ఎత్తడమా మానడమా అన్నది నీ ఇష్టం. నేనైతే ఆ గురువారం ఫోన్ మా తమ్ముడి జేబులో పెడతాను.

రాజోలు బాబాయి:
శుభం బాబూ. ఇంతకీ స్టాంపింగ్ స్లాట్ దొరికిందా?