శుక్రవారం సభ: కొత్త విశ్వాసులకు ప్రార్థన పాఠం, ఎవరెవరు ఏం చూస్తారు? (కువైట్)

సుహాసిని: అందరికీ వందనాలు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం నలభై నిమిషాలు ఇచ్చారు. ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు, డ్రైవర్లు. పాఠం చెప్పి, వారం రోజుల అభ్యాసం ఇచ్చి పంపాలి. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విన్నపం అని నాలుగు మెట్లు చెబుదామా?

ఏలీయా: అవి మంచివే సిస్టర్, కానీ ముందు ఆ మెట్లను గుర్తుపెట్టుకోవడమే వాళ్లకు పనవుతుంది. పరలోక ప్రార్థననే మాదిరిగా పెడదాం, చాలామందికి ఇప్పటికే నోటికి వచ్చు. మత్తయి 6:9-13లో ఆరు మనవులున్నాయి. చివరిదాన్ని రెండుగా విడదీసి ఏడు అనేవాళ్లూ ఉన్నారు, మనకు ఆరు చాలు. శనివారం నుంచి గురువారం దాకా రోజుకొకటి, మళ్లీ శుక్రవారం అంతా కలిపి.

దీవెన: బ్రదర్, కంఠస్థం చేసింది పదేపదే చెప్పకూడదని అదే అధ్యాయంలో 7వ వచనంలో ఉంది కదా?

ఏలీయా: అక్కడ ఉన్నది 'వ్యర్థమైన మాటలు వచింపవద్దు' అని. ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోవడం తప్పంటున్నాడు. గెత్సేమనేలో ప్రభువే ఆ మాటలే చెబుతూ మూడోసారి ప్రార్థించాడు, మత్తయి 26:44 చూడండి. అయితే మీ భయంలోనూ నిజముంది, మనసు పెట్టకుండా వల్లించే ప్రమాదం ఉంది. అందుకే రోజూ ఇలా చేయిద్దాం: ఆ రోజు మనవి ఒకసారి పైకి చెప్పాలి, దాన్నే ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఒక్క వాక్యంగా అనాలి, దాని కింద ఆ రోజుటి ఒక మనిషినో ఒక పనినో పెట్టి ఆమేన్ అనాలి. మూడు నిమిషాలు పట్టదు.

మంగళవారం నాలుగో మనవి. 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము. తండ్రీ, ఈ రోజుకు కావలసింది ఇవ్వు. ఊళ్లో పాప ఫీజు కట్టాలి, జీతం టైముకి రానివ్వు. ఆమేన్.' అంతే.

రాజు: ఫహాహీల్ నుంచి బస్సు మాట్లాడాను. బిర్యానీ పొట్లాలు ఎన్ని చెప్పమంటారు?

సుహాసిని: రాజూ, అది వేరే థ్రెడ్‌లో అడుగు నాయనా.

మార్తమ్మ: చదవడం రానివాళ్లున్నారు. కొందరికి ఫోను రాత్రి పనయ్యాకే చేతికొస్తుంది. కాగితం ఇస్తే ఉపయోగం లేదు. ఆరు మనవులు ఆరు వాయిస్ మెసేజ్‌లుగా, ఒక్కోటి అర నిమిషం లోపు పెట్టి, గురువారం రాత్రే పంపేయండి. ఇంకోటి, స్నానం చేయకుండా ప్రార్థించొచ్చా, దీపం పెట్టాలా అని తప్పకుండా అడుగుతారు. నవ్వకండి. గిన్నెలు తోముతూ కూడా చేసుకోవచ్చని సూటిగా చెప్పండి.

ఏలీయా: మంచిమాట అక్కా. మొదటి పది నిమిషాలు పాఠం, తర్వాత ఇరవై నిమిషాలు నలుగురేసి గుంపులు, చివరి పది ప్రశ్నలకు. గుంపు నడిపేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మీరు ముందు 'కృపగల దేవా, దయామయుడవైన తండ్రీ' అని ఐదు నిమిషాలు దంచితే కొత్తవాళ్లు ఇక నోరు తెరవరు, తెరిచినా మీ మాటలే అప్పజెబుతారు. మీ మాదిరి మూడు వాక్యాలు దాటకూడదు. నాలుగో మనవి దగ్గర ఇంకో చిక్కు. సివిల్ ఐడీ, వీసా, జీతం, అప్పులు అన్నీ అక్కడే పోగవుతాయి, మిగతా ఐదూ మూలపడతాయి. అందుకే ఒక్కరోజుకు ఒక్కటే సంగతి అని పట్టుబట్టండి.

దీవెన: బుధవారం క్షమాపణ కదా. ఎవరిని క్షమించాలో గుంపులో పైకి చెప్పిద్దామా? మనసు తేలికపడుతుంది.

మార్తమ్మ: వద్దమ్మా. ఏ ఇల్లో, ఏ మేడమో పేరు పైకొస్తే ఆ పిల్ల ఉద్యోగానికే ముప్పు. పేరు మనసులోనే అనుకోవాలి. జీతం ఆపేసినా, చెయ్యి చేసుకున్నా 'క్షమించి ఊరుకో' అని ఎవరూ అనకూడదు. క్షమించడం వేరు, ఎంబసీకి ఫిర్యాదు చేయడం వేరు. అలాంటి మాట వింటే గుంపు నడిపేవాళ్లు పాఠమయ్యాక సుహాసినికి విడిగా చెప్పాలి.

సుహాసిని: సరే. వచ్చే శుక్రవారం 'ఎన్ని రోజులు చేశారు' అని అడుగుదామా?

ఏలీయా: అలా అడిగితే అందరూ ఏడు అనేస్తారు. 'ఏ రోజు మాటలు దొరకలేదు' అని అడగండి. సోమవారం అంటే 'నీ చిత్తము' దగ్గర తడబడ్డారన్నమాట, అప్పుడు దానిమీదే పది నిమిషాలు కూర్చుందాం.

దీవెన: వారం అయ్యాక వాయిస్ మెసేజ్‌లు గ్రూపులో ఉంచాలా, తీసేయాలా? ఉంటే వాటినే ఆడించి సరిపెట్టుకుంటారేమో.

మార్తమ్మ: ఉంచండి, చదువు రానివాళ్లకు ఇంకేం ఆధారముంది?

ఏలీయా: దీనికి నా దగ్గరా జవాబు లేదు, అయ్యగారిని అడుగుదాం. ప్రస్తుతానికి గుంపు నడపడానికి ఐదుగురు కావాలి. ఆడవాళ్ల గుంపులకు ఆడవాళ్లే ఉండాలి.

రాజు: డ్రైవర్ల గుంపు నేను చూస్తాను. మూడు వాక్యాలే కదా.