జేజికి మీసం వస్తోంది: ఒకే బొమ్మలో రెండు ముఖాలు కలిసిపోతున్నాయి

తాడిపత్రి స్టూడియో: మా జేజి, జేజినాయన కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. చెరొక పాస్‌పోర్టు ఫోటో మాత్రం ఉంది. గండికోట లోయ ముందు బండ మీద ఇద్దరూ కూర్చున్నట్టు ComfyUIలో చేస్తున్నాను. ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్, సైజు 1024×768. రెండు IPAdapter FaceID నోడ్లు వరసగా పెట్టి, మొదటిదాని model రెండోదానికి ఇచ్చాను. బొమ్మను నిలువునా సగం చేసి, ఎడమ మాస్కు జేజినాయనకు, కుడి మాస్కు జేజికి attn_maskలో తగిలించాను. అయినా జేజికి సన్నగా మీసం వస్తోంది, ముక్కు ఇద్దరిదీ ఒకటే. ఎక్కడ తప్పు?

ప్రొద్దుటూరు డిజైనర్: weight 1.2కు పెంచు తమ్ముడూ. ప్రాంప్ట్‌లో ఎడమ పక్క ముసలాయన, కుడి పక్క ముసలామె అని రాయి. నాకు అట్లనే వచ్చింది.

అనంతపురం ఆల్బమ్: పెళ్లి వీడియోలో ముఖం మార్చేదానికి కూడా ఇదే పనికొస్తుందా? మా కస్టమర్ ఒకాయన ప్రాణం తీస్తున్నాడు.

కర్నూలు అక్క: వీడియో సంగతి వేరే, ఇక్కడ కలపొద్దు.

తాడిపత్రి తమ్ముడూ, వచ్చిన బొమ్మ మీద నీ మాస్కు పరిచి చూడు. జేజి తల నడిమి గీత దాటి ఎడమకు వచ్చిందా?

తాడిపత్రి స్టూడియో: అవునక్కా. దగ్గరగా కూర్చున్నారు కదా, జేజి చెంప సగం ఎడమ పక్కే ఉంది.

కర్నూలు అక్క: అదే మొదటి తప్పు. ఫలానా ముఖం ఎక్కడ పనిచేయాలో మాస్కు చెబుతుందంతే. మనిషిని అక్కడ కూర్చోబెట్టదు. మనుషులు ఎక్కడ కూర్చుంటారనేది ప్రాంప్టు, సీడు చూసుకుంటాయి. అందుకే ముందు ఇద్దరి చోటూ ఖాయం చెయ్యి. IPAdapter రెండూ ఆపేసి, తలల మధ్య కాస్త ఎడం ఉన్న బొమ్మ ఒకటి తీయి. దాన్నుంచి ఓపెన్‌పోజ్ బొమ్మ తీసి కంట్రోల్‌నెట్‌కు ఇవ్వు. మాస్కులు ఆ తలలను చూసుకుంటూ గియ్యి.

గీత కూడా సరిగ్గా నడిమికి ఆనించొద్దు. ఎడమ మాస్కు 480 పిక్సెళ్ల దగ్గర ఆపి, కుడిది 544 దగ్గర మొదలుపెట్టు. IPAdapter లోపల మాస్కును బాగా చిన్నది చేసి వాడుతుంది. ఎస్‌డీఎక్స్‌ఎల్ లోతు పొరల్లో ఒక గడి అంటే బొమ్మలో 32 పిక్సెళ్లు. వెంట్రుక వాసి అంచు గీసినా అక్కడ మిగలదు. ఆ 64 పిక్సెళ్ల సందులో ఏ ముఖమూ పనిచేయదు, లోయ, ఆకాశం వస్తాయి.

ప్రొద్దుటూరు అన్న చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. మాటలనూ విడదీయాలి. కానీ ఎడమ, కుడి అని రాసినంత మాత్రాన విడిపోవు. "మీసం" అనే మాట బొమ్మంతటికీ తగులుతుంది. Conditioning (Set Mask)తో ఆ మాటను జేజినాయన మాస్కులోనే ఉంచు. లోయ వర్ణన విడిగా మొత్తానికి ఇచ్చి, అన్నీ Conditioning (Combine)తో కలుపు. weight మటుకు పెంచొద్దు, 0.7 దగ్గర మొదలుపెట్టు. ఎక్కువైతే ముఖం పాస్‌పోర్టు ఫోటో లెక్కనే బిగుసుకుపోతుంది.

ప్రొద్దుటూరు డిజైనర్: నాకు 1.2తోనే బాగా వచ్చింది మరి.

కర్నూలు అక్క: మీ బొమ్మలో ఇద్దరూ దూరంగా నిలబడి ఉంటారు అన్నా.

తాడిపత్రి స్టూడియో: మాస్కులు మళ్లీ గీసి పెట్టానక్కా. ఈసారి ఎవరి పోలికా రాలేదు! ఎవరో ఊరూపేరూ లేని ముసలోళ్లు.

కర్నూలు అక్క: నలుపు తెలుపు పీఎన్‌జీని మామూలు Load Image నోడ్‌లో తెరిచి, దాని MASK తీసుకున్నావా? అది రంగును చూడదు, ఆల్ఫాను చూస్తుంది. ఆల్ఫా లేకపోతే ఖాళీ మాస్కు ఇస్తుంది. Load Image (as Mask) పెట్టి, channel దగ్గర red ఎంచుకో.

తాడిపత్రి స్టూడియో: అదే అక్కా. మొదట నోడ్‌లోనే బ్రష్‌తో గీశాను, ఈసారి బయట గీసి తెచ్చాను. ఇప్పుడు మీసం పోయింది, జేజినాయన అచ్చం ఆయనే. జేజి ముక్కు మాత్రం ఇంకా కొంచెం ఆయనదే.

కర్నూలు అక్క: సీడు మార్చకుండా జేజినాయన నోడ్ ఒక్కటి ఆపి నడుపు. ముక్కు సరైతే కారుతున్నది ఆ నోడ్ నుంచే. అది కొంత తప్పదు. మాస్కు ఆపేది రిఫరెన్స్ ముఖాన్నే. బొమ్మలోని ఒక చోటు ఇంకో చోటును చూసుకునే పని మోడల్ లోపల నడుస్తూనే ఉంటుంది, దానికి మన మాస్కు అడ్డం కాదు. ఫేస్‌ఐడీతో వచ్చే లోరాకూ మాస్కు లేదు, lora_strength తగ్గించి చూడు.

అప్పటికీ పోకపోతే జేజి ముఖం చుట్టూ మాత్రమే మాస్కు గీసి, జేజి ఫోటో ఒక్కటే ఇచ్చి, denoise 0.5 దగ్గర ఇన్‌పెయింట్ చెయ్యి. నేనైతే చివరికి అదే చేస్తాను.

తాడిపత్రి స్టూడియో: ఆపి చూశాను, ముక్కు సరైంది. లోరా తగ్గిస్తే పోలికే పోయింది. ఇన్‌పెయింట్‌తో కుదిరింది, మా నాయనకు చూపిస్తే గుర్తుపట్టినాడు. ముక్కుపుడక ఒక్కటి రెండో పక్కకు పోతోంది, నాలుగు సీడ్లు మార్చినా అంతే.

ప్రొద్దుటూరు డిజైనర్: అది ఫోటోషాప్‌లో అతికించు, ఐదు నిమిషాల పని.

కర్నూలు అక్క: ఫ్రేము వెనక కంప్యూటర్‌లో కూర్చిన బొమ్మ అని రాసి పెట్టు తమ్ముడూ. లేకుంటే మనవళ్లు గండికోటకు ఎప్పుడు పోయినారని అడుగుతారు.

అనంతపురం ఆల్బమ్: వీడియో సంగతి ఎవరూ చెప్పలేదు.