“68వ ఏట” అంటే 67 నిండినట్టా, 68 నిండినట్టా?

పాతపలక
ముత్తాతగారి పేరు రాతి పలక మీద చెక్కించాలి. ఇంట్లో మిగిలిన పద్దుల పుస్తకంలో ఆయన గురించి ఒక్కటే మాట ఉంది: “స్వభాను మార్గశిరం, 68వ ఏట శివైక్యం”. వేరే కాగితంలో 1943 డిసెంబరు 10 అని తేదీ దొరికింది. 1943లోంచి 68 తీసేసి 1875 అని రాయించబోతుంటే, పెదనాన్నగారి అబ్బాయి 1876 అంటున్నాడు. ఎవరిది కరెక్టు? ఇంకో సంగతి, నల్లరాయి మంచిదా, బూడిదరంగుదా? అక్షరాలు ఎన్ని అంగుళాలు ఉండాలి?

గోదారిగట్టు
దీనికి ఇంత ఆలోచనెందుకండీ. 68వ ఏట పోయారంటే 68 ఏళ్లే. పేపర్లో రోజూ చూడటం లేదా? 1875 వేయించేయండి.

లెక్కలమాస్టారు
గోదారిగట్టు గారూ, ఆ “వ” అక్షరాన్ని మింగేశారు. 68వ ఏట అంటే 68వది నడుస్తోందని, 67 నిండాయని. పుట్టిన రోజు నుంచి ఏడాది దాకా మొదటి ఏడు, అప్పటికి నిండినవి సున్నా. షష్టిపూర్తి ఎప్పుడు చేస్తారు? 60 నిండాక, అంటే 61వ ఏట అడుగు పెట్టేటప్పుడు. ఆ పేరులోనే పూర్తి అని ఉంది.

కందుకూరి వీరేశలింగం గారి తేదీలు రెండూ అందరికీ తెలిసినవే కాబట్టి వాటితో సరిచూద్దాం. పుట్టింది 1848 ఏప్రిల్ 16, పోయింది 1919 మే 27. నిండినవి 71, నడుస్తున్నది 72. ఇప్పుడు పుట్టిన తేదీ తెలియదనుకోండి, చేతిలో “1919 మే 27, 72వ ఏట” అన్న ముక్క ఒక్కటే ఉంది. 71 నిండి 72 నిండలేదు కాబట్టి పుట్టుక 1847 మే 28కీ 1848 మే 27కీ మధ్య ఎక్కడో ఉండాలి. అసలు తేదీ అందులోనే ఉంది. అదే ముక్కను “72 నిండాయి” అని చదివితే 1846 మే 28 నుంచి 1847 మే 27 దాకా వెతుకుతాం. అసలు తేదీ దానికి అవతల పడిపోతుంది. ఒక్క అక్షరం తప్పు చదివినందుకు వెతికే ఏడాదే మారిపోయింది.

మీ లెక్కకు వస్తే, పాతపలక గారూ, 1875 డిసెంబరు 11 నుంచి 1876 డిసెంబరు 10 లోపు. 1875లో మిగిలింది మూడు వారాలే. మీ అన్నయ్య మాటే నెగ్గేలా ఉంది.

గోదారిగట్టు
మాస్టారూ, పుస్తకం రాసినాయన మీలా వ్యాకరణం చూసి రాశాడా? పల్లెల్లో “నాకు అరవయ్యో ఏడు” అన్నవాళ్లని “ఎన్ని నిండాయి” అని అడిగితే అరవై అనే చెబుతారు.

లెక్కలమాస్టారు
కొందరు చెబుతారు, కాదనను. అందుకే అంకె ఒక్కదాన్నే పట్టుకోకూడదు. పుట్టిన సంవత్సరం పేరు దొరికితే దాన్ని నమ్మాలి. అంకె నోటి లెక్క, చెప్పేటప్పుడు జారుతుంది. పేరు జాతకంలోనో తాటాకు మీదో రాసి ఉంటుంది, 60 ఏళ్లకు గానీ మళ్లీ రాదు. పాతపలక గారి మూడు వారాలూ మూడు నెలలూ యువ నామ సంవత్సరం, 1876 ఉగాది దాటితే ధాత. ధాత అని ఎక్కడైనా కనిపిస్తే 1876 ఖాయం.

చుక్కలరాయుడు
పేర్లు వేళ్ల మీద లెక్కపెడితే సరిపోయేదానికి తేదీల గోల ఏమిటి? వీరేశలింగం గారు పుట్టింది కీలక, పోయింది సిద్ధార్థి. కీలక నుంచి సిద్ధార్థి దాకా పేర్లు చదివి, ఒక చుట్టు 60 కలపండి, 72 వస్తుంది. ముప్పై ఏళ్లుగా పంచాంగం చూస్తున్నవాణ్ణి, ఇందులో తప్పు రాదు.

లెక్కలమాస్టారు
వస్తుందండీ. మీరు కీలకనీ సిద్ధార్థినీ రెంటినీ లెక్కేశారు. వీరేశలింగం గారికి అది కలిసొచ్చింది, ఎందుకంటే చైత్రంలోనే పుట్టారు, పోయే నాటికి ఆ ఏటి పుట్టినరోజు దాటిపోయింది. పుట్టిన మాసం ఇంకా రాకముందే పోయినవాళ్లకు మీ వేళ్ల లెక్క నడుస్తున్న ఏటి కంటే కూడా ఒకటి ఎక్కువ చూపిస్తుంది.

చిన్న ఉదాహరణ. క్రోధి ఫాల్గుణంలో, అంటే 2025 మార్చిలో ఒక బిడ్డ పుట్టింది. మార్చి 30న ఉగాది, విశ్వావసు మొదలు. ఏప్రిల్లో బిడ్డ పోయింది. వేళ్ల మీద క్రోధి ఒకటి, విశ్వావసు రెండు. నెల బిడ్డకు రెండేళ్లా?

చుక్కలరాయుడు
చంటిబిడ్డకు ఎవరైనా వేళ్లు ముడుస్తారా? కొరియావాళ్ల లెక్క తెచ్చి మా నెత్తిన రుద్దకండి. పెద్దవాళ్ల సంగతి మాట్లాడండి.

లెక్కలమాస్టారు
పెద్దవాళ్లకూ అదే తప్పు. 80లో రెండు తేడా వస్తే ఎవరికీ అనుమానం రాదు, నెల బిడ్డకు వస్తే కనిపిస్తుంది. తప్పు కనబడాలనే చంటిబిడ్డను తీసుకున్నా.

ఓసాకాతెలుగు
కొరియా అన్నారు కాబట్టి చెబుతున్నా, జపాన్‌లో పాత సమాధులన్నీ చుక్కలరాయుడు గారి పద్ధతే. పుట్టగానే ఒకటి, కొత్త ఏడాది వచ్చినప్పుడల్లా ఇంకొకటి. పుట్టినరోజుతో పనిలేదు. నిండిన ఏళ్లే చెప్పాలని 1950 జనవరి 1 నుంచి చట్టం అమల్లో ఉన్నా, రాతి మీద, గుళ్లలో పాత లెక్క పోలేదు. కొరియాలో 2023 జూన్ 28 నుంచి మారింది.

హైకూ కవి మసఓకా షికి పుట్టింది 1867 అక్టోబరు 14, పోయింది 1902 సెప్టెంబరు 19. నిండినవి 34. పాత లెక్కలో 36. ఒకటి కాదు, రెండు తేడా! ఆ ఏటి పుట్టినరోజు ఇంకా రాలేదు కదా, అందుకని. అదే నవలాకారుడు నత్సుమే సోసెకి 1867 ఫిబ్రవరి 9న పుట్టి 1916 డిసెంబరు 9న పోయారు, నిండినవి 49, పాత లెక్క 50. ఆయనకు ఒకటే తేడా. అందుకే “జపాన్ సమాధి మీది అంకెలోంచి ఒకటి తీసెయ్” అనే చిట్కా సగం మందికే పనిచేస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, వయసుకు ముందు చెక్కే “క్యోనెన్” అన్న మాట ఒకప్పుడు పాత లెక్కకే వాడేవారు, ఇప్పుడు కొన్ని ఇళ్లవాళ్లు నిండిన ఏళ్లకూ అదే మాట చెక్కిస్తున్నారు. ఏ లెక్కో రాయిని చూసి చెప్పలేం.

గోదారిగట్టు
రాజమండ్రి నుంచి ఓసాకా వెళ్లిపోయాం. బాగుంది.

ఊరిరికార్డు
మీరంతా వందేళ్ల కిందటి వాళ్ల దగ్గరే ఆగిన్రు. ఈ తప్పు ఇప్పటికీ పంచాయతీ ఆఫీసుల్లో పడుతనే ఉన్నది. మరణం రిపోర్టు చేసే ఫారం 2ల వయసు గడి కాడ ఏమున్నదో చదువుండ్రి: ఏడాది దాటినోళ్లకు నిండిన సంవత్సరాలు, ఏడాది లోపైతే నెలలు, నెల లోపైతే నిండిన రోజులు, రోజు లోపైతే గంటలు. ఇంటోళ్లు “79 నడుస్తున్నది” అంటరు, రాసేటాయన 79 అని ఏస్తడు. ఆధార్ల పుట్టిన తేదీ పట్టి చూస్తే 78. “ఎన్నేండ్లు” అని అడిగితే ఇట్లనే అయితది. “పుట్టిన తేదీ కాయితం ఏదన్న ఉన్నదా? లేకుంటే కిందటి పుట్టినరోజుకు ఎన్ని నిండినయి?” అని అడగాలె.

పిల్లల కాడ ఇంకా కష్టం. మన దిక్కు నెలలు గూడ నడిచేటియే చెప్తరు. “తొమ్మిదో నెల” అంటే ఎనిమిది నిండినయని. పదకొండు నెలలు నిండిన బిడ్డను “ఏడాది బిడ్డ” అంటరు. గడిల 1 సంవత్సరం అని పడితే ఆ మరణం శిశు మరణాల లెక్కలకెల్లి పోతది, ఎందుకంటే ఆ లెక్క ఏడాది నిండనోళ్లదే.

జనసంఖ్య
ఊరిరికార్డు అన్నా, రెండు వేరు తప్పుల్ని కలిపేశారు. “తొమ్మిదో నెల” నడుస్తున్న లెక్క, ఎప్పుడూ పైకే జరుగుతుంది. “ఏడాది బిడ్డ” మాత్రం రౌండు చేయడం, పదమూడు నెలల బిడ్డనూ అలాగే అంటారు, కాబట్టి రెండు వైపుల నుంచీ 12 దగ్గర గుట్ట పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చనిపోయిన పిల్లల వయసు నెలలోపైతే రోజుల్లో, రెండేళ్లలోపైతే నెలల్లో, ఆపైన ఏళ్లలో రాయమనేది అందుకే. “ఒక సంవత్సరం” అంటే సరిపోదు, ఎన్ని నెలలో అడగాలి.

పెద్దవాళ్లలో 60, 65, 70 దగ్గర పడే గుట్టలు కూడా రౌండు చేయడం వల్లే. నడుస్తున్న లెక్కకు గుట్టలుండవు, అందరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. అందుకే డేటాలో దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

వరంగల్‌పిల్ల
మా తాతయ్య సర్టిఫికెట్‌లో 81 పడింది, 80 ఉండాలి. కొత్తది ఇస్తారా? పాతది చింపేస్తారా?

ఊరిరికార్డు
చింపరమ్మా. 1969 జనన మరణ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దిద్దుతడు. అసలు రాత ముట్టరు, పక్కన మార్జిన్ల సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ ఏస్తరు. తప్పని నమ్మేటట్టు రుజువు చూపెట్టాలె. పుట్టిన తేదీ ఉన్న పాత కాయితం తీస్కపో, “మేం నడిచేది చెప్పినం” అంటే ఒక్క నోటిమాటతోని కాదు.

చుక్కలరాయుడు
పుట్టిన తేదీ తెలిస్తే ఎవరైనా చెబుతారు. తెలియనివాళ్లకే కదా పంచాంగం.

పాతపలక
మాస్టారూ, మా అత్తయ్య దగ్గర జాతకం ముక్క దొరికింది. సగం చిరిగిపోయింది కానీ “యువ నామ సంవత్సర ఆషాఢ” అని స్పష్టంగా ఉంది. తిథి ఉన్న చోటే చిరిగింది. ఇప్పుడు 1875 డిసెంబరు కాదు కదా?

లెక్కలమాస్టారు
కాదు, 1875 నడివేసవి దాటాక, జులై ప్రాంతం. అంటే 1943 డిసెంబరుకు 68 నిండి 69 నడుస్తోంది. మీ పద్దుల పుస్తకం రాసినాయన నిండిన అంకెకు “వ” తగిలించాడన్నమాట.

గోదారిగట్టు
నేను మొదట్లోనే చెప్పాను, 1875 అని.

లెక్కలమాస్టారు
సమాధానం కలిసింది, దారి కలవలేదు. జాతకం ఇంకెవరిదైనా అయ్యే అవకాశమూ ఉంది, ఆయన అన్నదో తమ్ముడిదో. పాతపలక గారూ, ఆ ముక్క మీద పేరు ఉందా?

పాతపలక
పేరు చిరిగిన సగంలో ఉండుంటుంది. అత్తయ్య మాత్రం ఆయనదే అంటోంది.

జనసంఖ్య
అయితే పలక మీద వయసు వేయకండి. “స్వభాను మార్గశిరం, 1943 డిసెంబరు 10” అని పోయిన రోజు మాత్రం చెక్కించి, పుట్టుక దగ్గర “యువ, ఆషాఢం” అని వదిలేయండి. రేపు మిగతా సగం దొరికితే, రాయి మీద దిద్దే పని ఉండదు.

పాతపలక
సరే, అలాగే చేస్తా. నల్లరాయా, బూడిదరంగుదా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.