పలాస జీడిపప్పు యూనిట్ వీడియోకి వాయిస్ ఓవర్: ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి?

మాది పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. కొనుగోలుదారులకు పంపడానికి రెండు నిమిషాల పరిచయ వీడియో తీయించాం. వాయిస్ ఓవర్ నేనే రాశాను, 310 మాటలు వచ్చింది. ఫోన్‌లో టైమ్ పెట్టి చదివితే మూడు నిమిషాలు దాటింది. అదీ పరుగులు పెట్టి చదివితే!

సగానికి కోయాలి, సరే. కానీ ఏది?

ఉడకబెట్టడం, గింజ కొట్టడం, ఆరబెట్టడం బొమ్మలోనే తెలుస్తాయి, అక్కడ మాటలు తీసేశాను. చిక్కంతా గ్రేడింగ్ దగ్గర. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 320 గుళ్ల లోపు తూగాలి. ఇది బొమ్మలో కనిపించదు, చెప్పాల్సిందే. కానీ సరిగ్గా ఆ షాట్‌లోనే మా దగ్గర చాలా ఏళ్లుగా చేస్తున్న అమ్మ ఒకావిడ, పొట్టు అంటిన పప్పును వేలితో తిప్పి చూసి పక్కకి నెడుతుంది. ఆ చేతి మీద నా లెక్కల గొంతు పడితే ఆ చెయ్యి ఎవరూ చూడరు.

ఇప్పుడిలా మార్చాను: "పౌనుకి 320 లోపు. లెక్క తక్కెడది." తర్వాత నాలుగు సెకన్లు మౌనం. ఆపైన ఆవిడ గొంతే: "పొట్టుంటే పక్కన ఎట్టెత్తాం."

ఆ యాస అలాగే ఉంచమంటారా? మా తమ్ముడేమో డబ్బింగ్ చెప్పిద్దామంటున్నాడు. బయటి రాష్ట్రాల వాళ్లకైతే కింద అక్షరాలు వేస్తే సరిపోతుందా? ఇలాంటివి రాసినవాళ్లు చెప్పండి.